కొత్తకోడలు గుమ్మంలోకొచ్చింది... ముందు మంచినీళ్ళివ్వండి!

మా ఇంట్లో అడుగుపెడుతూ మా వదిన విన్న మొట్టమొదటి మాట ఏంటో తెలుసా? ‘రామ్మా’ కాదు, ‘బాగున్నావా’ కాదు. ‘కుడికాలు! కుడికాలు!’. అదీ ఒక్కరు కాదు, పదిహేనుమంది ఒకేసారి అరిచారు. ఆ అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. పైగా గుమ్మానికి అడ్డంగా నిలబడింది నేనే. ఆడపడుచుని కదా మరి!

మూడేళ్ళ క్రితం సంగతి ఇది. అన్నయ్య పెళ్ళి హనుమకొండలో జరిగింది. గురువారం అర్ధరాత్రి దాటాక ముహూర్తం. తెల్లవారుజామున అప్పగింతలయ్యాయి. అయిదింటికి కారెక్కించి గుంటూరు బయల్దేరదీశాం. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం కాబట్టి పదింటికల్లా ఇంట్లో అడుగుపెట్టాలని నాన్న లెక్క. దారిలో ఓ చోట టీ కోసం ఆగాం, ఇంకో చోట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. మా వీధిలోకి వచ్చేసరికి టైమ్ 10:35.

అంతే, ‘ఇప్పుడు దిగకూడదు’ అన్నారు. వదిన, అన్నయ్య, తోడుగా వచ్చిన వాళ్ళ చెల్లెలు... ముగ్గురూ మా ఇంటిముందే కార్లో గంటన్నర కూర్చున్నారు. ఏసీ ఉందిలే అనుకున్నాం. వచ్చేపోయే ప్రతి ఒక్కరూ అద్దంలోంచి తొంగిచూసి ‘పిల్ల బావుంది’ అని వెళ్ళారు. పన్నెండయ్యాక దింపుదామంటే పంతులుగారు ఇంకో మాట చెప్పారు, 12:24 నుంచి దుర్ముహూర్తమని! ఉన్నది ఇరవై నాలుగు నిమిషాలు. ఆ హడావుడిలో నేను గుమ్మానికి అడ్డంపడి ‘పేర్లు చెబితేగానీ వదలను’ అన్నాను. వదిన సిగ్గుపడుతోందనుకుని ఇంకొంచెం ఏడిపించాను. లోపల్నుంచి అమ్మ ‘టైమైపోతోందే’ అని కేకలు. వదిన ఆ కంగారులో బియ్యం చెంబుని గట్టిగా తన్నేసింది. టైల్స్‌ మీద దొర్లిన బియ్యంమీద కాలుపెట్టి జారింది. అన్నయ్య పట్టుకోబట్టి సరిపోయింది.

అప్పటికి నాకది వీడియోలో బాగా వచ్చిన సీన్, అంతే. వదినకి అదేమిటో తర్వాత చాలాకాలానికి తెలిసింది.

తప్పు ఆచారానిది కాదు, మాది

ఏడాది దాటాక ఓ రాత్రి మేడమీద కూర్చుని మాట్లాడుకుంటుంటే వదిన మామూలుగానే చెప్పింది. ‘ఆ రోజు రాత్రంతా నిద్ర లేదు. పొద్దుగాల టీ తప్ప ఏం తాగలేదు. కార్లో కూర్చున్నంతసేపూ బాత్రూమ్‌కి వెళ్ళాలని ఉంది, ఎవర్ని అడగాలో తెలీలేదు. నువ్వు పేరు చెప్పమన్నప్పుడు నాకు సిగ్గేం లేదు, మీ అన్నయ్యని ఏడాదినుంచి పేరుపెట్టే పిలుస్తున్నా. కళ్ళు తిరుగుతున్నయ్, అందుకే మాట రాలేదు.’

నేను గ్లాసెడు నీళ్ళు కూడా ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లోకి వచ్చాక కూడా దీపం పెట్టించి, పెద్దలందరి కాళ్ళకీ దండం పెట్టించి, ఫొటోలయ్యాకగానీ ఎవరూ ఇవ్వలేదట.

ఆచారాల్ని తీసిపారేయాలని నేననడం లేదు. నాకూ గుమ్మం దగ్గర సందడి ఇష్టమే. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఈ పద్ధతులు పుట్టిన రోజుల్లో కోడలంటే చాలా ఇళ్ళలో మేనకోడలు, లేదా పక్కూరి పిల్ల. అత్త ఎవరో, గుమ్మం ఎటో, పెరట్లో బావి ఎక్కడో ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలుసు. మొగుడి పేరు పలకకూడదు కాబట్టి ఆ ఒక్కరోజు పలికించడం సరదా. ఇప్పుడు మ్యాట్రిమొనీ యాప్‌లో పరిచయమై, రెండు జిల్లాల అవతల్నుంచి వచ్చే అమ్మాయికి మొగుడి పేరు తప్ప ఇంకేమీ తెలీదు! పాతకాలంలో తెలియనిది పలికిస్తే ఆట. ఇప్పుడు తెలియనివి వంద ఉన్నాయి, వాటిని చెప్పేవాళ్ళే లేరు. ఆచారం మిగిలింది, పరిచయం మిగల్లేదు. కంగారంతా ఆ ఖాళీలోంచే వస్తుంది.

గుమ్మం దగ్గర పది నిమిషాలు

ముందు టైమ్ సంగతి. ముహూర్తాలు పట్టించుకునే ఇల్లయితే రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం పంతులుగార్ని ముందురోజే అడిగి రాసిపెట్టుకోండి. ఆలస్యమవుతుందని కూడా ముందే అనుకోండి, ఎందుకంటే పెళ్ళి కారు ఎప్పుడూ ఆలస్యమే. పక్కింట్లోనో, ఎదురింట్లోనో ఓ గదీ బాత్రూమూ అడిగి పెట్టుకుంటే చాలు. ఆగాల్సివస్తే పెళ్ళికూతురు అక్కడ మొహం కడుక్కుని, ఇడ్లీ తిని, పది నిమిషాలు నడుం వాలుస్తుంది. మగపెళ్ళివారికి విడిది ఇచ్చే మనకి పెళ్ళికూతురికి విడిది ఇవ్వడం తట్టదు, విచిత్రం!

తర్వాత హారతి. పసుపునీళ్ళలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రగా మారతాయి. పసుపులో ఉన్న రంగు సున్నం తగలగానే ఎరుపెక్కుతుంది, మంత్రమేం లేదు. అయితే సున్నం కంట్లో పడితే మంట, పట్టుచీర మీద పడితే మరక. కాబట్టి చిటికెడే వెయ్యండి, పళ్ళెం అంచుదాకా నింపకండి, మొహానికి మూరెడు దూరంలో తిప్పండి. కర్పూరం పళ్ళెంలో ఉంటే తలలో పూలకీ, పైట కొంగుకీ మరీ దూరంగా ఉంచండి.

ఇక బియ్యం చెంబు. మా ఇంట్లో దాన్ని అంచుదాకా నింపారు. నిండు చెంబు బరువుకి మెల్లగా తోస్తే ఒరగదు, గట్టిగా తన్నాలి. గట్టిగా తంతే బియ్యం గదంతా చిమ్ముతుంది. పారాణి కాళ్ళు, పట్టుచీర కుచ్చిళ్ళు, కొత్త మెట్టెలు, కింద నున్నటి టైల్స్... జారకపోతే ఆశ్చర్యపోవాలి. చిన్న చెంబు తీసుకుని, అడుగు మీద అటూఇటూ ఊగేటట్టు తేలిగ్గా సగం నింపండి. గడప లోపలివైపు పాత దుప్పటి మడతపెట్టి పరచి దానిమీద పెట్టండి. బియ్యం దానిమీదే పడతాయి, తర్వాత ఎత్తుకోవడమూ తేలికే. బొటనవేలితో మెల్లగా తోసినా ఒరుగుతుందని ఆమెకి ముందే చెప్పండి.

ఆడపడుచులకి నా విన్నపం. అడ్డుపడండి, పేర్లు అడగండి, కట్నం కూడా పుచ్చుకోండి. కానీ మీ సరదా అంతా మీ అన్నయ్య మీద చూపించండి. పద్యం చెప్పమన్నా, పాట పాడమన్నా ఆయన్నే అడగండి. ఆయనది సొంత ఇల్లు, సొంత జనం, ఎంత ఏడిపించినా తట్టుకుంటాడు. ఆమెని పేరొకటి అడిగి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురండి. నవ్వు ఎక్కడా తగ్గదు.

వరసల తలనొప్పి

లోపలికొచ్చాక రెండో పరీక్ష. ముసలివాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు. ‘ఈవిడెవరో చెప్పు చూద్దాం? నీకేమవుతుంది?’ అని అడుగుతారు. వదినని మా మేనత్త అదే అడిగింది. వదిన ‘అత్తయ్యండీ’ అంది. ‘అత్తయ్యనా! పెద్దమ్మని!’ అని అందరూ నవ్వారు.

నిజానికి ఈ వరసలకి సూత్రం ఒకటుంది. మనం ఇన్నేళ్ళూ వాడుతున్నా గమనించం. భర్తకి అత్త, మామ వరస అయ్యేవాళ్ళు భార్యకి పెద్దమ్మ, పిన్ని, పెదనాన్న, బాబాయ్ వరస అవుతారు. భర్తకి పిన్ని, బాబాయ్ అయ్యేవాళ్ళు భార్యకి అత్తయ్య, మామయ్య అవుతారు. అంటే తిరగేయడమే! భర్త అక్క ఆమెకి వదిన, ఆ అక్క భర్త ఆమెకి అన్నయ్య. భర్త వదిన, అంటే తోడికోడలు, ఆమెకి అక్క. అల్లుడికీ ఇదే లెక్క. భార్య అన్నయ్య అతనికి బావ, భార్య మేనమామ అతనికి బాబాయో పెదనాన్నో.

ఎందుకిలా? మేనరికాలు మామూలైన రోజుల్లో కట్టిన లెక్క ఇది. అబ్బాయి మేనమామ కూతుర్ని చేసుకుంటే, అతని మేనమామే ఆమె తండ్రి. తండ్రి వరస వాళ్ళు పెదనాన్న, బాబాయ్‌లే కదా. బయటి సంబంధం చేసుకున్నా ఆ పిలుపులే నిలిచిపోయాయి. ఈ ఒక్క సూత్రం తెలిస్తే ముప్పావువంతు చుట్టాల్ని ఎవరూ చెప్పకుండానే పిలవొచ్చు. అయితే ఇంటింటికీ ముద్దుపేర్లు వేరు. ఒక ఇంట్లో నానమ్మని ‘మామ్మ’ అంటారు, ఇంకో ఇంట్లో ‘బామ్మ’ అంటారు. అది మాత్రం చెప్పాల్సిందే.

కాబట్టి పరీక్ష పెట్టకండి, పరిచయం చెయ్యండి. ‘ఈవిడెవరు?’ అని అడగడం బదులు ‘ఈవిడ మా మేనత్త. నువ్వు పెద్దమ్మా అని పిలువు. మోకాళ్ళ నొప్పి, అందుకే లేవలేదు’ అంటే మూడు ముక్కల్లో పని అయిపోతుంది. పెద్దావిడకీ మర్యాద దక్కుతుంది, కోడలికీ మాట కలపడానికి ఒక దారి దొరుకుతుంది.

యాస గురించి ఒక మాట. వదిన కూర తిని ‘మంచిగున్నది’ అంటే మా పిన్ని అదే యాసలో తిరిగి అని నవ్వింది. ముద్దుగానే అంది. కానీ ఆ పూట వదిన మళ్ళీ ఆ మాట అనలేదు, అసలు ఏ మాటా పెద్దగా అనలేదు. మొదటిరోజు యాసని వెక్కిరిస్తే మనిషి నోరు మూసుకుంటుంది. పుట్టింటి సారె విప్పేటప్పుడూ ఇంతే. కాజాలు చిన్నవనో, అరిసెలు లెక్క తక్కువనో అన్నారా, పక్కగదిలో ఉన్నా ఆమెకి వినిపిస్తుంది. అది వాళ్ళమ్మ మీద మాట. సారె ఆమె నిద్రపోయాక విప్పుకోండి.

‘పర్లేదండీ’ అంటే పర్లేదని కాదు

మా వదిన ఆ మొదటిరోజు ఎన్నిసార్లు ‘పర్లేదండీ’ అందో! కాఫీ తాగుతావా, పర్లేదండీ. పడుకుంటావా, పర్లేదండీ. ఏమైనా కావాలా, పర్లేదండీ. మేమంతా ఎంత సర్దుకుపోయే అమ్మాయో అని మురిసిపోయాం.

కొత్తచోట అవునా కాదా అని అడిగితే ఎవరైనా ‘వద్దు’ అనే అంటారు. అందుకే అడిగే తీరు మార్చాలి. ‘కాఫీ తాగుతావా’ కాదు, ‘కాఫీనా, టీనా?’ అనండి. ‘పడుకుంటావా’ అనకండి. గదిలోకి తీసుకెళ్ళి ‘ఇది నీ గది, గడియ ఇక్కడ. నాలుగింటిదాకా ఎవరూ రారు’ అని చెప్పి తలుపు మూసి వచ్చేయండి. కంగారు తగ్గలేదని తెలిసే గుర్తులు కూడా ఉన్నాయి. నవ్వుతూనే ఉంటుంది, ముద్ద మాత్రం దిగదు. ప్రతి ప్రశ్నకీ ఒక్క మాటలో జవాబిస్తుంది. బాత్రూమ్ ఎటో కూడా భర్తనే అడుగుతుంది, ఆయన ఫ్రెండ్స్‌తో బయటుంటే అలాగే కూర్చుంటుంది.

మా ఆఫీసులో కొత్తగా ఎవరైనా చేరితే మొదటి వారం ఒక ‘బడ్డీ’ని ఇస్తారు. లాప్‌టాప్ ఎవరిస్తారో, క్యాంటీన్ ఎక్కడుందో, మేనేజర్‌కి ఎప్పుడు చిరాకో అన్నీ అతన్నే అడగొచ్చు. పదిమంది ‘ఏం కావాలన్నా అడుగు’ అనడం కంటే ఒక్కరు ‘నన్ను అడుగు’ అనడం మేలు. ఇంట్లో కూడా ఒక్కరిని ఆ పనికి పెట్టండి. ఆమె వయసుకి దగ్గరైనవాళ్ళయితే మంచిది. తోడికోడలు, ఆడపడుచు, పిన్ని కూతురు ఎవరైనా సరే. ఆ రోజంతా వాళ్ళకి వంటపని పెట్టకండి.

నాకొచ్చిన వాయిస్ మెసేజ్

వదిన ఆ మాటలు చెప్పిన ఆరునెలలకి నాకు పెళ్ళయింది. అత్తగారిల్లు రాజమండ్రి. పెళ్ళికి మూడురోజుల ముందు అత్తయ్యగారి నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇంచుమించు ఇలా ఉంది:

‘అమ్మా, మన ఇంటికి వచ్చాక ఏమేం ఉంటాయో చెబుతాను, కంగారుపడకు. గుమ్మంలో హారతిస్తాం. పిల్లలు అడ్డుపడతారు, పేరు చెప్పేసెయ్. చెంబు చిన్నదే పెట్టాను. లోపల దీపం పెట్టి, మామ్మకి ఒక్కదానికే దండం పెట్టు, మిగతావాళ్ళకి సాయంత్రం చూసుకుందాం. అరగంటలో అయిపోతుంది. తర్వాత స్నానం చేసి, తిని పడుకో. నీ బాత్రూమ్‌లో తువ్వాలు, సబ్బు, ప్యాడ్లు పెట్టాను. ఫోన్ చార్జర్ మంచం పక్కనే ఉంది. కారం ఎంత తింటావో, పొద్దున్నే కాఫీయో టీయో నాకు మెసేజ్ పెట్టు. ఏదైనా కావాలంటే మన చిన్నదాన్ని అడుగు, అది నీ వెంటే ఉంటుంది.’

నిమిషం మెసేజ్. దాన్ని నేను నాలుగుసార్లు విన్నాను. చెప్పిందాంట్లో గొప్ప విషయమేదీ లేదు. కానీ ఎంతసేపు, ఎంతమంది, ఆ తర్వాత ఏంటి అన్నది తెలిసిపోయింది. గుమ్మంలో నిలబడినప్పుడు గుండె కొట్టుకుంది నిజమే, కానీ తర్వాతేం జరుగుతుందో నాకు తెలుసు. హారతి పళ్ళెం దించగానే అత్తయ్యగారు మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి ‘తాగి లోపలికి రా’ అన్నారు. ఫొటోగ్రాఫర్ ఆగాడు. ఆకాశమేం విరిగిపడలేదు.

మధ్యాహ్నం లేచాక ఆవిడ అడిగిన మొదటి మాట, ‘మీ అమ్మతో మాట్లాడావా?’. అప్పగింతల్లో ఏడ్చి వచ్చిన అమ్మాయికి ఆ ప్రశ్న ఎలా ఉంటుందో చెప్పలేను. ‘ఫోన్ చేసుకోవచ్చా’ అని అడిగే అవసరం రానివ్వలేదు, అదీ సంగతి.

అల్లుడిది ఇంకో బాధ

కోడలిని ఎవరూ పట్టించుకోకపోవడం సమస్యయితే, అల్లుడిని అతిగా పట్టించుకోవడం సమస్య. మనుగుడుపులకి మావారు మొదటిసారి మా ఇంటికి రాగానే కాళ్ళకి నీళ్ళిచ్చారు, కొత్తబట్టలు పెట్టారు, హాల్లో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మంచినీళ్ళకి లేస్తే నాన్న, బాబాయ్, ఎనభైయేళ్ళ తాతయ్య అందరూ లేచి నిలబడ్డారు. దాంతో ఆయన లేవడమే మానేశారు. నన్నేమో వంటింట్లోకి లాక్కెళ్ళి కబుర్లు మొదలుపెట్టారు. హాల్లో టీవీ, ఆయన, ఓ పళ్ళెం నిండా జంతికలు!

ఈసారి గమనించింది వదినే. ‘కొత్త మనిషికి ఇక్కడ తెలిసింది నువ్వొక్కదానివే, నువ్విక్కడ ఏం చేస్తున్నవ్?’ అని నన్ను హాల్లోకి తోసింది. అన్నయ్యకి పని పెట్టింది. ‘బావగారూ, పాలప్యాకెట్లు తేవాలి, వస్తారా?’ అని అడిగించింది. ఇద్దరూ లుంగీల్లోనే బండిమీద వెళ్ళి ముప్పావుగంటకి వచ్చారు. వచ్చేసరికి ఆయన మనిషే మారిపోయారు. చేతికి ఏదో ఒక చిన్నపని, పక్కన తన వయసువాడు... మగవాళ్ళ బెరుకు మాటలకంటే ఇలాంటివాటితోనే త్వరగా పోతుంది.

భోజనం దగ్గర కూడా వదిన ఒక నియమం పెట్టింది. ముందే అన్నీ వడ్డించకుండా, ఏమేం ఉన్నాయో చెప్పి కొంచెం కొంచెం వేయాలి. రెండోసారి అడగొచ్చు, మూడోసారి అడగకూడదు. అమ్మకిది అస్సలు నచ్చలేదు. ‘అల్లుడు ఆకలితో లేస్తే?’ అంది. ఆయన గోంగూర పచ్చడి తనే అడిగి వేయించుకున్నాక శాంతించింది. మరదళ్ళు కాఫీలో ఉప్పు కలిపారు, చెప్పులు దాచారు. అవి ఉండాలి కూడా. జీతం, జుట్టు, బొజ్జ మీద మాత్రం జోకులొద్దని వదిన వాళ్ళకి ముందే చెప్పింది.

మళ్ళీ అదే గుమ్మం

పోయిన ఫిబ్రవరిలో మా బాబాయ్ కొడుక్కి పెళ్ళయింది. నేను మళ్ళీ ఆడపడుచునే, మళ్ళీ గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. ఈసారి కారు నలభై నిమిషాలు ముందే వచ్చింది. టైమ్ కాలేదని ఎవరో అంటుండగానే వదిన వెళ్ళి పెళ్ళికూతుర్ని దింపి ఎదురింట్లోకి తీసుకెళ్ళింది. ముహూర్తానికి ఆ అమ్మాయి మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, నవ్వుతూ నడిచొచ్చింది. మా తమ్ముడితో రెండు పాటలు పాడించాను. ఆ అమ్మాయిని పేరొక్కటి అడిగాను. బొటనవేలితో తోస్తే చెంబు ఒరిగింది, దుప్పటిమీద గుప్పెడు బియ్యం పడ్డాయి.

ఎవరో అలవాటుగా ‘కుడికాలు’ అనబోయారు. వదిన అప్పటికే నీళ్ళ గ్లాసు పట్టుకుని గడప అవతల నిలబడింది. ‘దా చెల్లె, మెల్లగా రా. ముందు నీళ్ళు తాగు’ అంది.

ఆ అమ్మాయి గ్లాసు గడగడా తాగేసింది. నేను వదిన వైపు చూడలేక బియ్యం ఎత్తుతూ కూర్చున్నాను.